టీబీ ఉన్న ఇంట్లో అందరికీ తిండి అందితే ఏమైంది?
(విశాఖపట్నం వార్డుల ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంల కోసం, జార్ఖండ్ అధ్యయనం గురించి)

పోయిన నెల మీటింగ్‌లో ఈ అధ్యయనం గురించి రెండు నిమిషాలు చెప్పి వదిలేశాం. టీ తాగేటప్పుడు ఆరిలోవ వైపు నుంచి వచ్చిన ఆశా ఒకరు అడిగారు: "మేడమ్, 39 శాతం తగ్గిందన్నారు కదా, అంటే వందమందిలో 39 మందికి టీబీ రాకుండా ఆగిందా?" కాదు. చాలామంది అలాగే అనుకుని ఉంటారని అప్పుడు అర్థమైంది. అందుకే ఈసారి రాసి ఇస్తున్నాం.

ఒక ఇంట్లో ఒకరికి ఊపిరితిత్తుల టీబీ వచ్చిందనుకోండి. ఆ ఇంట్లో మిగతావాళ్లకు సరైన తిండి అందితే వాళ్లకు టీబీ రావడం తగ్గుతుందా? ఈ ప్రశ్న పట్టుకుని మంగళూరు ఏనెపోయ మెడికల్ కాలేజీకి చెందిన డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవల బృందం జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో పనిచేసింది. అధ్యయనం పేరు రేషన్స్. 2019 ఆగస్టు నుంచి 2021 జనవరి దాకా మనుషులను చేర్చుకున్నారు, 2022 జులై దాకా వెంట ఉండి చూశారు. మధ్యలో కోవిడ్, లాక్‌డౌన్ కూడా వచ్చాయి. ఆ రోజుల్లో ఇంటింటికీ తిరగడం ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఫలితాలు 2023 ఆగస్టులో లాన్సెట్ పత్రికల్లో వచ్చాయి.

మొత్తం 2,800 మంది టీబీ రోగులు, వాళ్ల ఇళ్లలో ఉన్న 10,345 మంది కుటుంబసభ్యులు. ఆ కుటుంబసభ్యుల్లో మూడోవంతు మంది ఉండాల్సినదానికంటే బక్కగా ఉన్నారు. రోగులందరికీ మందులతో పాటు నెలకు 10 కిలోల సరుకులు ఇచ్చారు: బియ్యం, వేయించిన శనగపిండి, పాలపొడి, నూనె. విటమిన్ మాత్రలు కూడా. తేడా పెట్టింది కుటుంబసభ్యుల విషయంలో. లాటరీ వేసినట్టు ప్రాంతాలను రెండు గుంపులు చేశారు. ఒక గుంపులో ఇంట్లో ఒక్కో పెద్ద మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. రెండో గుంపులో కుటుంబసభ్యులు ఎప్పుడూ తినేదే తిన్నారు.

అంటే ఇక్కడ పోల్చింది రోగికి తిండి ఇవ్వడాన్ని, ఇవ్వకపోవడాన్ని కాదు. రోగికి రెండు గుంపుల్లోనూ ఇచ్చారు. పోల్చింది ఇంట్లో మిగతావాళ్ల కంచాన్ని. ఈ ఒక్క మాట తప్పితే అధ్యయనం మొత్తం తప్పుగా అర్థమవుతుంది.

ఇప్పుడు ఆ 39 సంగతి. తిండి అందని గుంపులో 4,724 మంది ఉంటే 122 మందికి టీబీ వచ్చింది. తిండి అందిన గుంపులో 5,621 మంది ఉంటే 96 మందికి వచ్చింది. వెయ్యి మంది లెక్కన చెప్పుకుంటే అక్కడ 26 మంది, ఇక్కడ 17 మంది. ఒక్కొక్కరిని ఎంతకాలం గమనించారు లాంటివి కూడా లెక్కలోకి తీసుకుని పరిశోధకులు తేల్చింది 39 శాతం తగ్గుదల. కళ్లె పరీక్షలో తేలిన ఊపిరితిత్తుల టీబీ ఒక్కటే చూస్తే 48 శాతం తగ్గింది. ఇళ్లలో చెప్పేటప్పుడు మాత్రం శాతాలు వద్దు. "వెయ్యిమందిలో 26 మందికి రావాల్సింది 17 మందికే వచ్చింది" అనండి, చాలు. సున్నా కాలేదని కూడా అందులోనే తెలుస్తుంది. ఇంకో లెక్క కూడా ఉంది. ఒక్క కొత్త టీబీ కేసు రాకుండా ఆపాలంటే సుమారు 30 ఇళ్లకు ఇలా తిండి అందించాలి.

మరో అంకె మన పనికి నేరుగా తగులుతుంది. మొదటిసారి ఇంటికి వెళ్లి పరీక్ష చేసినప్పుడే 31 మంది కుటుంబసభ్యులకు టీబీ ఉందని బయటపడింది. పైన చెప్పిన 122, 96 కలిపి 218 మంది వీళ్లు కాక తర్వాత బయటపడినవాళ్లు. అందుకని రోగి ఇంటికి మాత్రలతో వెళ్లినప్పుడు గుమ్మం దగ్గరే ఆగిపోకండి. రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఎవరికైనా ఉన్నాయా అని ఒక్కొక్కరినీ అడగండి. ఇంట్లో లేనివాళ్ల గురించి కూడా అడగండి. గాజువాక, మల్కాపురం వైపు మగవాళ్లు షిఫ్టులో ఉంటారు, పెదజాలరిపేటలో వేటకు పోయి ఉంటారు. "ఆయన బాగానే ఉన్నాడు" అన్న మాటతో ఫారం నింపేయడం మనందరం చేసిన పనే.

రోగుల బరువు గురించి ఈ బృందం వేరే వ్యాసం రాసింది. చేరేనాటికి మగవాళ్ల సగటు బరువు 42.6 కిలోలు, ఆడవాళ్లది 36.1 కిలోలు. మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవాళ్లలో చనిపోయే ప్రమాదం 61 శాతం తక్కువగా కనిపించింది. 40 కిలోల మనిషికి 5 శాతమంటే 2 కిలోలు. ఇక్కడ కొంచెం జాగ్రత్త. జబ్బు తక్కువ ముదిరినవాళ్లే త్వరగా బరువు పెరిగి ఉండొచ్చు కూడా, కాబట్టి మొత్తం ఘనత తిండికే కట్టబెట్టలేం. కానీ రెండో నెలలో కూడా బరువు పెరగని రోగిని వెంటనే డాక్టరుకు చూపించాలనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

బరువు తూయడం చిన్న పనిలా ఉంటుంది గానీ అంకె అక్కడే తప్పుతుంది. మిషన్ చాప మీదో మట్టి నేల మీదో పెడితే కిలో అటూఇటూ చూపిస్తుంది. గట్టి గచ్చు మీద పెట్టండి. చెప్పులు, జేబులో ఫోను, తాళాలు తీయించండి. ప్రతిసారీ అదే మిషన్ వాడండి. కార్డు మీద పాత బరువు పక్కనే కొత్తది రాస్తే రోగికి కూడా కనిపిస్తుంది. 155 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషి 44 కిలోల కంటే తక్కువుంటే బక్కగా ఉన్నట్టే లెక్క.

మన దగ్గర ఏం ఉంది? నిక్షయ్ పోషణ్ కింద రోగికి నెలకు 1,000 రూపాయలు, 2024 నవంబరు నుంచి. అంతకుముందు 500 ఉండేది. నిక్షయ్ మిత్రలు ఇచ్చే సరుకుల మూట ఉంది, ఇప్పుడు కుటుంబసభ్యులకూ ఇవ్వొచ్చు. డబ్బు పడకపోతే ముందు బ్యాంకు ఖాతా వివరాలు సరిగా ఎక్కాయో లేదో చూడండి. సందేహాలకు నిక్షయ్ హెల్ప్‌లైన్ 1800-11-6666.

మూట ఇంటికి చేరాక పాలపొడి అందరి టీలోకి పోతుంది, పప్పు రెండు పూటల్లో అయిపోతుంది. అది తప్పని తల్లిని కసురుకోవద్దు. పిల్లలు చూస్తుండగా ఏ తల్లి ఒక్కడికే పెడుతుంది? ఈ అధ్యయనం చూపించిందీ ఇంటిల్లిపాదికీ తిండి కావాలనే. అలవాటున్న తిండితోనే చెప్పండి: చోడి అంబలి, కందిపప్పు, పుట్నాల పొడి, గుడ్డు, దొరికినప్పుడు ఎండు నెత్తళ్లు. హార్లిక్స్ డబ్బా కొనమని చెప్పకండి, ఆ డబ్బుకి ఎన్ని గుడ్లు వస్తాయో లెక్క వేసి చూపించండి.

జార్ఖండ్ కుటుంబాల్లో ఎక్కువమంది ఆదివాసీలు, పేదవాళ్లు. మన కొండవాలు బస్తీల్లో పేదరికం అలాంటిదే అయినా, ఇక్కడ బొద్దుగా ఉండి షుగర్ ఉన్న కుటుంబసభ్యులు కూడా మనకు తగులుతారు. వాళ్లకు బియ్యం పెంచమని ఈ అధ్యయనం పేరుతో చెప్పకండి, మెడికల్ ఆఫీసర్‌ను అడగండి. తిండి బాగుంటే మందులు ఆపేయొచ్చని గానీ, ఇంట్లోవాళ్లకు ఇచ్చే ముందుజాగ్రత్త మాత్రలు అక్కర్లేదని గానీ ఇందులో ఎక్కడా లేదు. ఎవరైనా అలా అడిగితే ఆ ఇంటి పేరు రాసుకుని వచ్చే మీటింగ్‌కి తీసుకురండి, కలిసి వెళ్దాం.