కొమ్ము

పదిహేను పైసల కార్డు. భీవండి నుంచి కొత్తవాడకు. నీలి సిరా వెలిసి చాయ్ మరక రంగుకొచ్చింది. తపాలా ముద్ర మాత్రం నిన్న కొట్టినంత నల్లగా ఉంది, అదీ సరిగ్గా చివరి వరుస మీద.

పాత ఉత్తరాలు ఎత్తిరాసే పనికి నేను ఆదివారాలు పోతా. ఉన్నది ఉన్నట్టు రాయాలె, తప్పులతో సహా. ‘పయిసలు పంపిన. పిల్లలు పయిలం. మగ్గం అ...’ ఆ తర్వాత ముద్ర. దాని కింద మ ఒత్తు, అవతల బయటికొచ్చిన కొమ్ము. అంతే.

అమ్ము. లేకుంటే అమ్మకు. రెండిటికీ చివర కొమ్మే ఉంటది, ఏం చేస్త!

"ఏం రాసిండు బిడ్డా?" అన్నది అవ్వ. "మా అమ్మకు సదువు రాదు. పక్కింటాయన సదివి అమ్మమన్నడని చెప్పిండు. అమ్మింది. దసరాకొచ్చిన మా నాయిన ఖాళీ మగ్గం గుంత చూసి కూసున్నడు, ఒక్క మాట అనలే."

ఫోన్ టార్చి పక్కనుంచి ఏటవాలుగా పెట్టిన. పాళీ గీసిన గాడి కనిపిస్తదని ఆశ. పై వరుసలో ‘పండుగకు’ ఉంది. దాని కొమ్ముతో పోల్చి చూస్తే తేలొచ్చు.

అవ్వ చెయ్యి వెలుతురుకు అడ్డమొచ్చింది.

"వద్దు బిడ్డా. పక్కింటాయన మనుమరాలు నా కోడలు."

‘అ[ముద్ర కింద, చదవరాలేదు]’ అని రాసి, టార్చి ఆర్పిన.