వినాయకుడికి ఏనుగు తల ఎలా వచ్చింది?

దుప్పటి కప్పుకున్నావా బుజ్జీ? దిండు సరిచేసుకుని ఇటు తిరుగు. ఇక విను.

అనగనగా గజాసురుడని ఒక రాక్షసుడు ఉండేవాడు. ఏనుగు తల, ఇంత పెద్ద పొట్ట. రాక్షసుడే గానీ వాడికి శివుడంటే ప్రాణం. రోజూ కళ్ళు మూసుకుని "శివా, శివా" అని పిలిచేవాడు. పిలవగా పిలవగా శివుడు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఏం కావాలి నాయనా?"

"స్వామీ, నువ్వు నన్ను వదిలి వెళ్ళకూడదు. నా పొట్టలోనే ఉండిపోవాలి!"

శివుడు సరేనన్నాడు. ప్రేమగా అడిగితే ఆయన కాదనలేడు. వెళ్ళి ఆ పొట్టలో కూర్చున్నాడు.

కైలాసంలో పార్వతమ్మ ఎదురుచూసింది. పొద్దుపోయింది, తెల్లారింది, శివుడు రాలేదు. ఆమె వాళ్ళన్నయ్య విష్ణుమూర్తి దగ్గరికి వెళ్ళి, "అన్నయ్యా, మీ బావగారు కనిపించడం లేదు" అని ఏడ్చింది.

"నేను తీసుకొస్తాగా, ఊరుకో అమ్మా" అన్నాడు విష్ణుమూర్తి.

ఏం చేశాడో తెలుసా? నందిని గంగిరెద్దులా ముస్తాబు చేశాడు! సంక్రాంతికి ఇంటి ముందుకొచ్చి తల ఊపుతుందే, అచ్చం ఆ గంగిరెద్దే. వీపు మీద రంగురంగుల బొంత, మెడలో గంటలు, కాళ్ళకు గజ్జెలు. విష్ణుమూర్తి సన్నాయి పట్టుకున్నాడు. బ్రహ్మదేవుడు, మిగతా దేవుళ్ళు తలా ఒక వాయిద్యం పట్టుకున్నారు. అందరూ కలిసి గజాసురుడి ఇంటి ముందుకు వెళ్ళారు.

పీపీపీ... డుం డుం డుం... ఘల్లు ఘల్లు!

నంది ఒంగింది, లేచింది, గిరగిరా తిరిగింది. గజాసురుడికి ఎంత సంతోషమో! "బాగుంది, బాగుంది! ఏం కావాలో అడుగు, ఇస్తాను" అన్నాడు.

"ఇది శివుడి నంది. తన స్వామిని వెతుక్కుంటూ వచ్చింది. ఆయన్ని ఇచ్చెయ్యి" అన్నాడు సన్నాయి ఊదే ఆయన.

వచ్చింది విష్ణుమూర్తి అని గజాసురుడికి అప్పుడు తెలిసింది. శివుణ్ణి పంపేస్తే తను బతకడని కూడా తెలిసింది. అయినా ఇస్తానన్నాడుగా, మాట తప్పలేదు. లోపలున్న శివుడితో, "స్వామీ, నేను వెళ్ళిపోయాక నా తలకి లోకమంతా దణ్ణం పెట్టుకునేలా చెయ్యి" అని ఒక్క కోరిక కోరాడు. నంది కొమ్ములతో పొడిచింది. శివుడు బయటికి వచ్చాడు. గజాసురుడు కన్నుమూశాడు. మంచి రాక్షసుడు కదూ, పాపం.

ఇక్కడ కైలాసంలో పార్వతమ్మకి ఈ కబురు అందింది. ఆనందంగా తలంటు పోసుకుందామని నలుగుపిండి కలుపుకుంది. ఒళ్ళు నలుచుకుంటూ, ఆ పిండితో ఒక బొమ్మ చేసింది. గుండ్రటి మొహం, బొద్దు చేతులు, బుల్లి పాదాలు. ఎంత ముద్దుగా ఉందో! దానికి ప్రాణం పోసింది.

"అమ్మా!" అన్నాడు పిల్లాడు.

"నా బంగారు కొండ! నేను స్నానం చేసి వస్తాను. నువ్వు ఈ గుమ్మం దగ్గరే ఉండి, ఎవరినీ లోపలికి రానివ్వకు" అంది.

అంతలో శివుడు వచ్చాడు. పిల్లాడు రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడ్డాడు.

"తప్పుకో బాబూ, ఇది నా ఇల్లు."

"ఊహూఁ. అమ్మ ఎవరినీ రానివ్వద్దంది!"

ఎంత చెప్పినా కదల్లేదు. ఆయన వాళ్ళ నాన్నని పిల్లాడికి తెలీదు. వీడు తన కొడుకని ఆయనకీ తెలీదు. శివుడికి చాలా కోపం వచ్చి త్రిశూలం విసిరాడు. పిల్లాడి తల ఊడిపోయింది. నొప్పి పుట్టిందా అంటావా? లేదమ్మా, టక్కున నిద్రపోయినట్టు పడిపోయాడు.

పార్వతమ్మ పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, వీడు మన బాబు!" అని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. శివుడికీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "తొందరపడ్డాను పార్వతీ" అన్నాడు. అప్పుడు ఆయనకు గజాసురుడి కోరిక గుర్తొచ్చింది. వెంటనే ఆ ఏనుగు తల తెప్పించి, పిల్లాడి మెడ మీద పెట్టి, ప్రాణం పోశాడు.

ముందు ఒక చెవి కదిలింది. తర్వాత రెండోది. తొండం మెల్లగా పైకి లేచింది. పిల్లాడు కళ్ళు తెరిచాడు!

"వీడికి గజాననుడని పేరు పెడుతున్నాను. వీడికి అందరూ దణ్ణం పెట్టుకుంటారు" అన్నాడు శివుడు. మనం చవితినాడు పత్రి తెచ్చి, ఉండ్రాళ్ళు పెట్టి మొక్కేది ఈ బాబుకే. గజాసురుడి కోరిక కూడా తీరింది చూడు.

పిల్లాడు తొండం ఒకసారి ఊపి చూసుకున్నాడు. చెవులు తడుముకున్నాడు. అమ్మ మెడ కావలించుకుని, శివుడి వైపు చూస్తూ చెవిలో అడిగాడు:

"అమ్మా, నీ స్నానం అయిపోయిందా? ఇప్పుడు ఈయన్ని లోపలికి రానివ్వనా?"