పెద్దల యవ్వనాన్ని రికార్డు చేద్దాం: తొమ్మిదో తరగతి మౌఖిక చరిత్ర ప్రాజెక్టు

తొమ్మిదో తరగతి విద్యార్థులకు, మీ సాంఘిక శాస్త్రం మాస్టారు రాస్తున్నది.

దసరా సెలవుల్లో మీరు చేయాల్సిన పని ఇది. ఇద్దరేసి జట్టుగా, డెబ్బై ఏళ్లు దాటిన ఒకరి దగ్గరకు వెళ్లి, పదిహేనేళ్ల వయసు నుంచి పాతికేళ్ల దాకా వారెలా బతికారో వారి నోటే వినాలి, రికార్డు చేయాలి, రాసి తేవాలి. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గురించి, కాటన్ దొర గురించి మీరు చదువుకున్నారు. ఆ కాలవ నీటి మీద ఊడ్పులు ఊడ్చినవారి గురించి, లాకుల దగ్గర పడవ ఆపుకుని అన్నం వండుకున్నవారి గురించి పుస్తకంలో ఒక్క పేరా కూడా లేదు. ఆ పేరాలు మీరే రాయాలి.

సొంత తాతయ్యను, మామ్మను ఎంచుకోవద్దు. వారు మీకు గతం చెప్పరు, బుద్ధులు చెప్తారు. వేరే వీధికో, వేరే పేటకో, వీలైతే ఏటి అవతలి లంకకో వెళ్లండి. జట్ల జాబితా నేనే వేస్తాను, ఎందుకంటే మీకు వదిలేస్తే అందరూ పెద్ద రైతు దగ్గరకో, రిటైరయిన మాస్టారి దగ్గరకో పోతారు. వారూ కావాలి. కానీ కొబ్బరి దింపు తీసినవారు, పీచు కొట్టి తాడు పేనినవారు, రేవులో పంటు నడిపినవారు, చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగినవారు, కూలికి కుప్పలు నూర్చినవారు కూడా కావాలి. మొత్తం పెద్దల్లో సగం మంది ఆడవాళ్లు ఉండి తీరాలి.

మొదటిసారి వెళ్లినప్పుడు ఫోను జేబులోనే ఉండాలి. మీరెవరి పిల్లలో చెప్పండి, ఎందుకొచ్చారో చెప్పండి, మళ్లీ ఎప్పుడు రమ్మంటారో అడిగి వచ్చేయండి. రెండోసారి రికార్డింగు మొదలుపెట్టే ముందు ఈ మాటలు నెమ్మదిగా, చూడకుండా చెప్పాలి:

“మామ్మగారూ, మీ చిన్నప్పటి సంగతులు మా బడి కోసం రికార్డు చేసుకుంటాం. చెప్పడం ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పక్కర్లేదు, ఎందుకని మేం అడగం. మధ్యలో ఆపేయమంటే ఆపేస్తాం. రాసింది ముందు మీకే చదివి వినిపిస్తాం, వద్దన్నది తీసేస్తాం. మీ పేరు పెట్టమంటారా, మార్చమంటారా? ఇది బడిలోనే ఉంటుంది. మీ గొంతు గానీ ఫొటో గానీ ఎవరి ఫోనుకూ పంపం. ఇందుకు మీకు సమ్మతమేనా?”

“సరే” అన్న మాట రికార్డులో వినిపిస్తే చాలు. సంతకం కోసం, వేలిముద్ర కోసం కాగితం చాచవద్దు. కాగితం మీద వేలిముద్ర వేసి పొలం పోగొట్టుకున్న కుటుంబాలు మన చుట్టూ ఉన్నాయి, ఆ భయం అర్థం లేనిది కాదు.

ఇక ప్రశ్నలు. “మీ యవ్వనం ఎలా గడిచింది?” అంటే “ఏముంది నాయనా, కష్టాలే” అంటారు, అక్కడితో సరి. చేతికి, కాలికి, నోటికి సంబంధించినవి అడగండి. పదిహేనేళ్లప్పుడు తెల్లవారుజామున లేచిన దగ్గర నుంచి పొద్దు నెత్తికెక్కే దాకా ఏం చేసేవారు? మొదటి కూలి గింజలుగా ఇచ్చారా, డబ్బుగా ఇచ్చారా? గింజలైతే ఏ కొలతతో కొలిచారు, కుంచంతోనా, మానికతోనా? అది ఎవరి చేతిలో పోశారు? అమలాపురం వెళ్లాలంటే ఏ రేవు దాటేవారు, రాత్రిపూట నొప్పులొస్తే ఏం చేసేవారు? ఇంట్లో గింజలు అయిపోయిన రోజుల్లో ఏం తిన్నారు? మీ పెళ్లి కుదిరిందని మీకు ఎవరు చెప్పారు, అప్పుడు మీరేం పని చేస్తున్నారు? ఇంట్లో చెప్పకుండా చూసిన మొదటి సినిమా ఏది?

ఇవన్నీ వరసగా చదివేసి రావద్దు. మీరు వెళ్లింది జనాభా లెక్కలకు కాదు. నాలుగు ప్రశ్నలు బాగా గుర్తుంచుకుని వెళ్లండి, మిగతావి వారి జవాబులోంచే పుడతాయి. వారు ఆగితే మీరూ ఆగండి, మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. తరచుగా అసలు సంగతి ఆ పది అంకెల తర్వాతే వస్తుంది.

ఏ సంవత్సరం అని అడిగితే చాలామందికి తట్టదు. నయాపైసలు రాకముందా, తర్వాతా (1957)? జై ఆంధ్ర ఉద్యమానికి (1972–73) మీకు పెళ్లయిందా? 1979 పుష్కరాలకు పెద్దవాడు చంకలో ఉన్నాడా, నడుస్తున్నాడా? 1986 వరదకు ఈ ఇల్లుందా? 1996 నవంబరు తుఫానుకు పడిపోయిన కొబ్బరిచెట్లు మీరు నాటినవేనా? ఇలా అడిగితే కాలం దానంతటదే తేలుతుంది. వారు చెప్పింది లెక్కకు సరిపోకపోతే మొహం మీద దిద్దకండి. చెప్పింది చెప్పినట్టే రాసి, మీ అనుమానం పక్కన వేరే రంగు సిరాతో రాయండి. రెండు వరదలు ఒకరి జ్ఞాపకంలో ఒకటిగా కలిసిపోయాయంటే ఎందుకు కలిసిపోయాయన్నదీ మనకు పనికొచ్చే ప్రశ్నే.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదవండి. పెద్ద లోగిలిలోని తాతగారిని ‘మీరు’ అని, పేటలోని తాతను ‘నువ్వు’ అని పిలవడం మనలో కొందరికి ఇంటి నుంచి వచ్చిన అలవాటు. ఈ ప్రాజెక్టులో అది చెల్లదు. ప్రతి ఒక్కరూ ‘గారు’, ప్రతి ఒక్కరూ ‘మీరు’. వారిచ్చిన మంచినీళ్లు తాగాలి.

కులం గురించి అడగవచ్చా అని నిరుడు ఒక అమ్మాయి అడిగింది. అడగవచ్చు, కానీ గాయం మీద వేలు పెట్టినట్టు కాదు. “మిమ్మల్ని అవమానించారా?” అనకండి. “బడిలో ఎక్కడ కూర్చునేవారు? ఏ నూతిలో నీళ్లు తోడుకునేవారు?” అనండి. ఎంతవరకు చెప్పాలో వారు నిర్ణయించుకుంటారు. రెండో వైపూ అడగాలి. భూమి ఉన్న ఇళ్లలో “మీ పాలేర్లకు అన్నం ఎక్కడ పెట్టేవారు, ఏ గిన్నెలో?” అని అడగకుండా వస్తే మీ పని సగమే అయినట్టు.

మామ్మగారిని అడిగితే పక్క కుర్చీలోంచి కొడుకు జవాబు చెప్పడం మామూలే. ఆయనతో వాదించవద్దు. ఆయన పొలంలోనో చేపల చెరువు దగ్గరో ఉండే వేళకు మళ్లీ వెళ్లండి, అమ్మాయిల జట్టు వెళ్తే ఇంకా మంచిది. వారు ఏడిస్తే రికార్డింగు ఆపి పక్కన కూర్చోండి. వారే కొనసాగిద్దామంటేనే మళ్లీ మొదలుపెట్టండి. బతికున్న మనిషి మీద నింద, పొలం గట్టు తగాదా, అప్పు లెక్క వస్తే ఆ భాగం రాతలోకి రాకూడదు. ఎవరైనా ఇప్పుడు తిండి లేకుండా ఉన్నారనో, ఇంట్లో కొడుతున్నారనో మీకు తెలిస్తే అది ప్రాజెక్టులో రాసే విషయం కాదు, అదే రోజు నాకు చెప్పాలి. మతిమరుపు బాగా ముదిరినవారి దగ్గర రికార్డు చేయవద్దు, ఇచ్చిన అనుమతి వారికే గుర్తుండదు. ఊరికే వెళ్లి కబుర్లు చెప్పి రండి.

ఫోను విమాన మోడ్‌లో పెట్టండి, ఫ్యాను ఆపమని అడగండి, ఒక నిమిషం రికార్డు చేసి విని చూసుకోండి. గంట దాటనివ్వద్దు. రాసేటప్పుడు వారి యాసను పుస్తక భాషలోకి మార్చవద్దు. మీ ప్రశ్నలు కూడా రాయండి, లేకపోతే ఆ జవాబు ఎందుకొచ్చిందో చదివేవారికి తెలియదు.

సెలవులు అయ్యాక వారం లోపల రాత ప్రతి పట్టుకుని మళ్లీ ఆ ఇంటికి వెళ్లి మొత్తం చదివి వినిపించాలి. వారు కొట్టేయమన్నది కొట్టేసి, ఒక ప్రతి వారికిచ్చి, రెండోది నాకు ఇవ్వండి. ఆడియో బడి కంప్యూటర్‌లో ఒకటి, హెడ్‌మాస్టరు గారి బీరువాలోని పెన్‌డ్రైవ్‌లో ఒకటి ఉంటాయి. మీ ఫోనులోది నా ముందే తుడిచేయాలి. స్టేటస్‌లో పెట్టినట్టు తెలిస్తే ఆ జట్టుకు మార్కులు ఉండవు, వెళ్లి క్షమాపణ అడగాల్సింది కూడా మీరే.