రెండు కొమ్మల గేరు డ్రైవ్: ఏ షాఫ్ట్‌కి ఎంత టార్క్, మోటారు చివర ఎంత ట్విస్ట్?

బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో మన తెలుగు ట్రైనీలు ఇద్దరు ఈ లెక్క మీద టీ చల్లారిపోయేదాకా వాదించుకున్నారు, అందుకే పూర్తిగా రాసి పెడుతున్నా. ఒక మోటారు, దాని షాఫ్ట్ చివర ఒక పినియన్. ఆ పినియన్‌కి ఎడమ పక్క ఒక గేరు, కుడి పక్క ఇంకో గేరు, ఒక్కో గేరు నుంచి ఒక్కో రోలర్‌కి షాఫ్ట్. రెండు రోలర్లకీ బ్రేకు వేసి బిగించేశారు, మోటారేమో 300 న్యూటన్-మీటర్ల టార్క్‌తో తిప్పాలని చూస్తోంది. ఇదీ పరిస్థితి.

కొలతలు: మోటారు షాఫ్ట్ వ్యాసం 40 మి.మీ., పొడవు 0.6 మీ. పినియన్ పిచ్ రేడియస్ 60 మి.మీ. ఎడమ గేరు 120, దాని షాఫ్ట్ 40 మి.మీ. వ్యాసం, 0.8 మీ. పొడవు. కుడి గేరు 90, షాఫ్ట్ 30 మి.మీ. వ్యాసం, 0.5 మీ. పొడవు. అన్నీ స్టీలే, G = 80 GPa. గేర్లు, బేరింగులు వంగవు, పళ్ళ మధ్య ఖాళీ లేదు అనుకుందాం (ఈ ఖాళీ సంగతి చివర్లో చూద్దాం).

బ్రేకులు లేకుండా రోలర్లు తిరుగుతూ, వాటి లోడు ఎంతో మనకి తెలిస్తే అసలు గొడవే లేదు, రేషియోతో భాగిస్తే సరిపోతుంది. రెండు చివరలూ బిగిస్తేనే చిక్కు: బ్యాలెన్స్ సమీకరణం ఒక్కటే, తెలియని టార్క్‌లు రెండు. ట్విస్ట్‌ని లెక్కలోకి తేకపోతే విడదీయలేం.

ముందు ఒక్కో షాఫ్ట్ బిగువు, అంటే k = GJ/L, J = πd⁴/32.

```
k_ఎడమ   = 20106/0.8 = 25133 N·m/rad
k_కుడి   = 6362/0.5  = 12723 N·m/rad
k_మోటారు = 20106/0.6 = 33510 N·m/rad
```

ఇక్కడే వాదన మొదలైంది. ఎడమది కుడిదానికి దాదాపు రెట్టింపు బిగువు కాబట్టి టార్క్ 200, 100గా పంచుకుంటుందని ఒకతను పట్టుపట్టాడు. చూడ్డానికి బాగానే ఉంది గానీ తప్పు. పినియన్ θ తిరిగితే ఎడమ గేరు θ/2 మాత్రమే తిరుగుతుంది, కాబట్టి ఆ షాఫ్ట్‌లో టార్క్ k·θ/2. ఆ టార్క్ పినియన్ దగ్గరికి వెనక్కి వచ్చేసరికి, పళ్ళ మీద బలం ఒకటే అయినా పినియన్ రేడియస్ సగం కాబట్టి, మళ్ళీ సగమవుతుంది. ఒకసారి తిరుగుడులో, ఇంకోసారి టార్క్‌లో, అంటే రేషియో వర్గంతో భాగించాలి. ఎడమ రేషియో 2, కుడిది 1.5.

```
ఎడమ: 25133/4    = 6283
కుడి: 12723/2.25 = 5655
మొత్తం          = 11938 N·m/rad
```

ఇప్పుడు నిష్పత్తి 10:9! సన్నగా కనిపించే కుడి షాఫ్ట్ కూడా దాదాపు సగం మోస్తోంది. పినియన్ దగ్గర ఎడమకి 157.9, కుడికి 142.1 న్యూటన్-మీటర్లు. షాఫ్ట్‌లలో అసలు టార్క్ కావాలంటే రేషియోతో గుణించాలి: ఎడమ 315.8, కుడి 213.2. ఈ రెండూ కలిపితే 300 రావడం లేదేంటని కంగారు పడొద్దు, రాదు కూడా. షియర్ స్ట్రెస్ చూస్తే ఎడమది 25 మెగాపాస్కల్స్, కుడిది 40. పాతికా ముప్ఫై శాతం కాదు, అరవై శాతం ఎక్కువ! ఏదైనా తేడా వస్తే ముందు చూడాల్సింది కుడి షాఫ్ట్‌నే.

మోటారు చివర ట్విస్ట్:

```
పినియన్ తిరుగుడు  = 300/11938 = 0.02513 rad
మోటారు షాఫ్ట్ మెలి = 300/33510 = 0.00895 rad
మొత్తం           = 0.03408 rad = 1.95°
```

రెండు కొమ్మల ట్విస్ట్‌లనీ కలపకూడదు. రెండూ ఒకే పినియన్‌కి కట్టుబడి ఉన్నాయి, ఏ దారిలో వెనక్కి వచ్చినా అదే 0.02513 రావాలి. సరిచూసుకోవాలంటే శక్తి లెక్క వేయండి: మోటారు పెట్టిన పని 5.11 జౌల్స్, మూడు షాఫ్ట్‌లలో దాగింది 1.34 + 1.98 + 1.79. సరిపోయింది.

ఇక పళ్ళ ఖాళీ. కుడి గేరు దగ్గర పిచ్ సర్కిల్ మీద 0.2 మి.మీ. ఖాళీ ఉందనుకోండి. పినియన్ 0.2/60 = 0.00333 రేడియన్లు తిరిగేదాకా కుడి కొమ్మ పని మొదలుపెట్టదు, మొదటి 21 న్యూటన్-మీటర్లూ ఎడమదే మోస్తుంది. తర్వాత లెక్క ఇలా మారుతుంది:

```
6283θ + 5655(θ − 0.00333) = 300
θ = 0.02671 rad
ఎడమ 167.8, కుడి 132.2 N·m
```

ఇందాక 16 ఉన్న తేడా ఇప్పుడు 36 అయింది. మోటారు చివర మొత్తం ట్విస్ట్ మాత్రం 1.95 నుంచి 2.04 డిగ్రీలకే పెరిగింది. 150 మి.మీ. వ్యాసం కప్లింగ్ అంచు మీద మార్కర్‌తో గీత గీసి చూస్తే, ఖాళీ లేనప్పుడు 2.56 మి.మీ. జరుగుతుంది, ఉన్నప్పుడు 2.67. ఆ పదో వంతు మిల్లీమీటరు తేడా కంటికి ఆనదు, కాబట్టి మోటారు చివర కొలిచి టార్క్ ఎలా పంచుకుందో చెప్పేద్దామంటే కుదరదు. రెండు రోలర్ షాఫ్ట్‌ల మీదా స్ట్రెయిన్ గేజ్‌లు అంటించి చూడాల్సిందే.