అంచులో రాసిన మాట

క్రీస్తు శకం 875, చలికాలం. ఆల్ప్స్ కొండల దగ్గరున్న మా సెయింట్ గాల్ మఠం చుట్టూ మంచు మోకాలి లోతు పడింది. మా రాతగదిలో నిప్పు పెట్టనివ్వరు. ఒక్క రవ్వ ఎగిరితే చాలు, ఏళ్ల కష్టం బూడిదైపోతుంది. మాచికాయ, అన్నభేది కలిపి కాచిన సిరా గడ్డకట్టకుండా బుడ్డిని చంకలో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. కుడిచేతిలో పెద్దబాతు ఈక, ఎడమచేతిలో చాకు. తోలు పుట లేవకుండా అదిమి పట్టేదీ, తప్పు పడితే గీకేదీ ఆ చాకే.

బైబిలుకు ప్రతి రాస్తూ యోహాను మొదటి లేఖ చివరికొచ్చాను. రాస్తున్న మాటను గొణుక్కోవడం నా అలవాటు. "సాక్ష్యమిచ్చువారు ముగ్గురు. ఆత్మయు, నీళ్లును, రక్తమును..." అంటుండగా భుజం మీద చెయ్యి పడింది. మా గురువుగారు. ఆయనకు చూపు దాదాపు పోయింది, చెవులు మాత్రం చురుకు. రాతగదిలో మాట్లాడకూడదు కాబట్టి మూడు వేళ్లు ఎత్తి, పైకప్పు వైపు చూపించారు.

నాకు అర్థమైంది. "పరలోకమందు సాక్ష్యమిచ్చువారు ముగ్గురు. తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ. ఈ ముగ్గురు ఒక్కరే." ఏడేళ్ల వయసులో మా నాన్న నన్ను మఠానికి అప్పగించి వెళ్లిపోయిన రాత్రి, ఏడుపు ఆపుకోలేకపోతుంటే ఈయనే పక్కన కూర్చుని ఆ వాక్యం నేర్పారు. దాన్ని రాయడానికి నాకు మూలప్రతి అక్కర్లేదు. కానీ ముందున్న మూలప్రతిలో అది లేదు. తల అడ్డంగా ఊపాను.

సాయంత్రానికి మఠమంతా రెండుగా చీలింది. "నూరేళ్ల కిందట మన మఠంలోనే వినితార్ రాసిన ప్రతిలో ఉంది కదా! ఆయన అబద్ధం రాశాడా?" అని పెద్దలు. "అంతకంటే పాతవాటిలో లేదు. లేనిదాన్ని దేవుడి మాటలో కలపడానికి మనమెవరం?" అని చిన్నవాళ్లు. అన్నిటికంటే చిక్కు తెచ్చింది లేఖల ముందుండే పీఠిక. బైబిలును లాటిన్‌లోకి తెచ్చిన జెరోమ్ పేరుతో ఉన్న ఆ పీఠికలో, నమ్మకం లేని అనువాదకులు ఈ మాటలు వదిలేశారని స్పష్టంగా ఉంది. నా మూలప్రతిలో ఆ ఫిర్యాదు ఉంది, ఆ మాటలు మాత్రం లేవు! పాతికేళ్లుగా ఒకే బల్ల మీద తిన్నవాళ్లు ప్రార్థనలో శాంతి ముద్దు ఇచ్చుకోవడం మానేశారు. నాకు రెండు రాత్రులు నిద్రపట్టలేదు.

మూడో రోజు మఠాధిపతి అందరినీ పిలిచారు. మంచి ఆలోచన చాలాసార్లు చిన్నవాడికే దేవుడు తెలియజేస్తాడని మఠంలో మేం పాటించే బెనెడిక్ట్ నియమావళిలో ఉంది. అందుకని ముందు నన్నే అడిగారు.

నాకు వేదాంతం రాదు, తోలు తెలుసు. మూలప్రతిని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఆ పుటను వెలుతురుకు ఎత్తిపట్టాను. గీకిన చోట తోలు పలచబడి వెలుతురు కారుతుంది. ఎంత నేర్పుగా గీకినా ముట్టుకుంటే నూగు తగులుతుంది, మళ్లీ రాస్తే సిరా ఈకలా పాకుతుంది. అక్కడ అలాంటిదేమీ లేదు. దూడతోలు నరాలు కూడా చెక్కుచెదరలేదు.

"ఇక్కడినుంచి ఎవరూ ఏమీ తీసేయలేదు తండ్రీ" అన్నాను.

గురువుగారు చెయ్యి చాచారు. పుట ఇచ్చాను. చూపుడు వేలితో ఆ వరస పొడుగునా తడిమారు. ఒకసారి, మళ్లీ ఒకసారి.

"నిజమే" అన్నారు. "మరి దీన్ని ఏ పుట చూసి రాశారో, ఆ పుట సంగతేమిటి అబ్బాయీ?"

"తెలియదు తండ్రీ."

అంతకంటే నిజమైన జవాబు నా దగ్గర లేదు. ఎవరూ మాట్లాడలేదు. చివరికి మఠాధిపతి తేల్చారు: వరసలో మూలప్రతి ఎలా ఉంటే అలాగే. ఆ మాటలు అంచులో. రెండు వైపులా గొణుగుడు వినిపించింది. ఎవరికీ పూర్తిగా నచ్చలేదు.

మర్నాడు వెలుతురు బాగా వచ్చాక గురువుగారు నా బల్ల దగ్గరికొచ్చి, నా ముందున్న కలం మీద వేలు పెట్టారు. తన గుండె మీద పెట్టుకున్నారు. తానే రాస్తానని.

పాడైపోతుందన్న భయం ఒక్క క్షణం కలిగింది. ఆ పుటకు పట్టిన రోజులు నాకు గుర్తున్నాయి. తర్వాత అంచులో నాలుగు గీతలు గీశాను. ఆయన వేలికి తగిలేలా కాస్త గట్టిగానే. కలం ముంచి ఆయన చేతిలో పెట్టి, మణికట్టు కింద నా చెయ్యి ఆనించాను. అక్షరాలు వణికాయి, ఒకటి గీత దాటింది. చాకు తియ్యలేదు.

సిరా ఆరేదాకా ఆయన పక్కనే నిలబడ్డారు. నేను తర్వాతి వాక్యం అందుకున్నాను. ఆయనకు వినపడేలా కొంచెం పైకే గొణిగాను:

"మనము మనుష్యుల సాక్ష్యము అంగీకరించుచున్నాము గదా..."