ఊడ్చే చోట ఎన్ని, ఊడ్వని మూల ఎన్ని: బడి ఆవరణలో జీవవైవిధ్య సర్వే

తరగతి: 9, జీవశాస్త్రం. 36 మంది, ఆరుగురి చొప్పున ఆరు జట్లు.
చోటు: దేవరకొండ వైపు పల్లెలోని మన జడ్పీ హైస్కూల్ ఆవరణ. ఎర్ర చెల్క నేల, రెండు వేపలు, ప్రహరీ వెంట కానుగ చెట్లు.
సమయం: జులై మొదటి వారం, ఒకటి రెండు వానలు పడ్డాక. మంగళవారం ఒక పీరియడ్, బుధవారం రెండు, గురువారం ఒకటి.

తేల్చాల్సిన ప్రశ్న: రోజూ ఊడ్చే ప్రార్థన స్థలంలో ఎన్ని రకాల జీవులున్నాయి? బోరింగు వెనక ఎవరూ ఊడ్వని మూలలో ఎన్ని ఉన్నాయి? బయటికి వెళ్లే ముందే ప్రతి జట్టూ తన అంచనా రాసి నాకివ్వాలి.

సామాను (జట్టుకు): నాలుగు మీటర్ల సుతిలి తాడు, నాలుగు పుల్లలు, కొలత టేపు, పాత గొడుగు, ప్లాస్టిక్ గ్లాసు, తెల్ల పళ్లెం, పెన్సిల్, నోటుబుక్. భూతద్దాలు బడిలో మూడే ఉన్నాయి, రెండు జట్లకు ఒకటి.

మంగళవారం

తాడుకు మీటరుకో ముడి వేసి, పుల్లలతో ఒక మీటరు చదరం ఎలా కట్టాలో వరండాలో చూపించాలి. పిల్లలు చెట్లు ఎక్కువున్న చోటే చదరం వేద్దామంటారు. అలా వేస్తే లెక్క తప్పుతుంది. అందుకే 1 నుంచి 20 దాకా చీటీలు రాసి, వచ్చిన అంకె ప్రకారం అంచు నుంచి అన్ని అడుగులు నడిచి అక్కడే వేయాలి. చదరంలో ఏమీ లేకపోతే ‘సున్నా’ అని రాయాలి. ఖాళీగా వదిలేస్తే చూడలేదని అర్థం, సున్నా అంటే చూశామని అర్థం. ఈ తేడా పిల్లలకు పట్టేదాకా ముందుకు వెళ్లను.

సాయంత్రం ఒక్కో జట్టు ఒక గ్లాసును, అంచు నేలకు సమంగా ఉండేలా పాతాలి. పైన మూడు రాళ్ల మీద పెంకు పెడితే వాన పడదు. మూడు గ్లాసులు ప్రార్థన స్థలం అంచున, మూడు మూలలో.

బుధవారం

పొద్దున ఊడ్చే అక్కకు ముందురోజే చెప్పి, మన పని అయ్యాక ఊడ్వమని అడగాలి.

గ్లాసులను మొదట నేనే తెల్ల పళ్లెంలో వంపుతాను, తేలు పడి ఉండొచ్చు. చీమలు, చిమ్మెటలు, రోకలిబండలు లెక్కించాక దొరికిన చోటే వదిలేయాలి. గ్లాసులు తీసి గుంటలు పూడ్చాలి.

తర్వాత మూడు జట్లు ప్రార్థన స్థలంలో, మూడు మూలలో, ఒక్కోటి రెండు చదరాలు వేస్తాయి. గడ్డి చామంతి, ఉత్తరేణి, నేల ఉసిరి లాంటివి మొక్కమొక్కగా లెక్కపెట్టొచ్చు. గరిక అలా కాదు, ఒకే తీగ కణుపు కణుపుకూ వేళ్లు దించి పాకుతుంది. దానికి పావు, సగం, ముప్పావు అని చదరంలో ఎంత మేర పరుచుకుందో రాస్తే చాలు. పేరు తెలియకపోతే ‘గడ్డి-1’ అని రాసి, పక్కన ఆకు బొమ్మ గీయాలి. పేరు తెలియదని ఏ మొక్కనూ వదలొద్దు. ఏ మొక్కనూ పీకొద్దు.

మూలలో ఎర్ర మఖమల్ గుడ్డ ముక్కలా ఆరుద్ర పురుగు కనిపిస్తే అందరినీ పిలవాలి. భూతద్దంలో కాళ్లు లెక్కపెట్టించాలి. ఎనిమిది వస్తాయి. ‘పురుగు అంటే ఆరు కాళ్లు కదా సార్’ అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. సమాధానం వెంటనే చెప్పను, సాలీడుకు ఎన్ని కాళ్లో గుర్తుచేసుకోమంటాను. అది సాలీళ్ల బంధువని వాళ్ల నోటే రావాలి.

కానుగ కొమ్మ కింద గొడుగు తిరగేసి పట్టుకుని, కొమ్మను మెల్లగా తడితే రాలినవి లెక్కించాలి. పక్షులకు వేప కింద పది నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. ఒక గోరింక మూడుసార్లు వస్తే మూడు గోరింకలు కావు, ఒకేసారి కనిపించిన వాటిలో ఎక్కువ సంఖ్యే రాయాలి.

జాగ్రత్తలు: అందరూ బూట్లతో రావాలి. రాళ్ల కింద, బొరియల్లో చేతులు పెట్టొద్దు. పాము కనిపిస్తే ఆగి, వెనక్కి జరిగి, నన్ను పిలవాలి. వయ్యారిభామను ముట్టుకోకుండానే లెక్కపెట్టాలి, కొందరికి దద్దుర్లు వస్తాయి. చివర్లో సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఇంటి పని: ‘గడ్డి-1’, ‘గడ్డి-2’ బొమ్మలు నాయనమ్మకో, మేకలు కాసే తాతకో చూపించి పేరు, వాడకం అడిగి రాసుకురావాలి. రెండిళ్లలో రెండు పేర్లు చెప్తే రెండూ రాయాలి.

గురువారం

బోర్డు మీద రెండు నిలువు వరుసల్లో చోటుకు ఆరేసి చదరాల లెక్క. ఒక మొక్క ఆరు చదరాల్లో మూడింట్లో ఉంటే దాని పౌనఃపున్యం 3 ÷ 6 × 100 = 50 శాతం. ముందు రాసిన అంచనాలు అప్పుడు తీసి పోల్చాలి. ఎండ, నీడ, తడి, తొక్కుడు, ఊడ్వడం, వీటిలో ఏది తేడాకు కారణమో జట్లు వాదించుకోవాలి. ఒక్క సర్వేతో కారణం తేలదని ఒప్పుకుని, తేల్చడానికి ఇంకేం చేయాలో రాసిన జట్టుకు ఎక్కువ మార్కులు.

మార్కులు (20): నోటుబుక్ 8, లెక్కలు 4, బొమ్మలు 3, వాదన 5. పేర్లు తప్పయినందుకు మార్కులు తగ్గించను.

షీట్లు ల్యాబ్ బీరువాలో దాచాలి. బతుకమ్మకు వారం ముందు, గునుగు పూసే వేళ, అవే చీటీల అంకెలతో రెండో సర్వే.