కార్మికుల హ్యాండ్‌బుక్: జీతం, సెలవు, నోటీసు
(పరవాడ యూనిట్, షాప్ ఫ్లోర్ ఉద్యోగుల కోసం)

ఇంగ్లిష్ హ్యాండ్‌బుక్‌లో ఉన్న నియమాలే ఇందులోనూ ఉన్నాయి. ఏదైనా విషయంలో రెండింటికీ తేడా కనిపిస్తే, మీకు మేలు చేసేదాన్నే కంపెనీ పాటిస్తుంది. చదవడం రానివారికి లైన్ లీడర్ చదివి వినిపించాలి. వినిపించకుండా సంతకం తీసుకోకూడదు.

జీతం చీటీ

జీతం ప్రతి నెలా 7వ తేదీలోపు బ్యాంకులో పడుతుంది. చీటీలో రెండు అంకెలు ముఖ్యం. మొత్తం జీతం అంటే కోతలకు ముందున్నది. చేతికొచ్చే జీతం అంటే కోతలు పోగా మిగిలింది.

ఒక ఉదాహరణ చూడండి. బేసిక్, డీఏ కలిపి 14,000, ఇంటద్దె అలవెన్సు 3,000, మొత్తం 17,000 రూపాయలు. ఇందులో పీఎఫ్ 12 శాతం. దాన్ని బేసిక్, డీఏ మీదే లెక్కేస్తారు కాబట్టి 1,680. ఈఎస్‌ఐ 0.75 శాతం, ఇది మొత్తం జీతం మీద, కాబట్టి 128. వృత్తి పన్ను 150. చేతికి 15,042 వస్తుంది.

'పీఎఫ్ పేరుతో కంపెనీ కోసుకుంటోంది' అన్న మాట క్యాంటీన్‌లో తరచూ వినిపిస్తుంది. ఆ 1,680 మీ సొమ్మే, మీ ఖాతాలోకే వెళ్తుంది. కంపెనీ తన జేబులోంచి ఇంకో 1,680 కడుతుంది. అందులో 1,166 మీ పెన్షన్‌కు, మిగతాది మీ పీఎఫ్‌కు చేరుతుంది. నమ్మకం కుదరకపోతే, యూఏఎన్‌తో ముడిపడిన మీ ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇవ్వండి. బ్యాలెన్స్ మెసేజ్‌గా వస్తుంది. ఫోన్ నంబరు మార్చినవాళ్లు ముందు యూఏఎన్‌లో కొత్త నంబరు పెట్టించుకోవాలి.

ఓటీకి రెట్టింపు రేటు. పై ఉదాహరణలో గంటకు సుమారు 163 రూపాయలు. ఓటీ మీ ఇష్టం, 'చేయను' అన్నందుకు ఎవరూ మీ షిఫ్టు మార్చకూడదు.

సెలవు, నాగా

చెప్పి మానితే సెలవు, చెప్పకుండా మానితే నాగా. సెలవు మిగిలి ఉంటే జీతం తగ్గదు. నాగాకు ఆ రోజు జీతం పోతుంది. అనుకోకుండా ఒంట్లో బాగోలేకపోతే షిఫ్టు మొదలయ్యేలోపు సూపర్‌వైజర్‌కు ఫోన్ చేయండి. వాట్సాప్ మెసేజ్ అయినా సరే, కానీ అది సూపర్‌వైజర్‌కే వెళ్లాలి. పక్క మెషీన్ అన్నతో కబురు పంపితే లెక్కలోకి రాదు.

దెబ్బ తగిలితే

చిన్న దెబ్బే కదా అని దాచకండి. అదే రోజు ప్రమాదాల రిజిస్టరులో రాయించండి. రాయకపోతే రేపు ఈఎస్‌ఐలో అది పనిలో తగిలిన దెబ్బ అని నిరూపించడం మీకే కష్టం. పనిలో దెబ్బ తగిలి డ్యూటీకి రాలేని రోజులకు ఈఎస్‌ఐ జీతంలో 90 శాతం ఇస్తుంది, మామూలు జబ్బుకైతే 70 శాతం. కూర్మన్నపాలెం వైపు నుంచి డ్యూటీకి వస్తూనో, ఇంటికి వెళ్తూనో దారిలో జరిగిన ప్రమాదాన్నీ పనికి సంబంధించినదిగా చూసే వీలుంది. అందుకే అదీ వెంటనే చెప్పాలి. మల్కాపురం ఈఎస్‌ఐ ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఈఎస్‌ఐ కార్డు, ఆధార్ దగ్గరుంచుకోండి.

నోటీసు వస్తే

టెన్షన్ పడి సంతకం పెట్టకుండా పారిపోయేవారూ ఉన్నారు, చదవకుండా 'తప్పయింది' అని రాసిచ్చేవారూ ఉన్నారు. రెండూ వద్దు.

షోకాజ్ నోటీసు అంటే 'మీ మీద ఈ ఆరోపణ వచ్చింది, మీరేమంటారు?' అని కంపెనీ అడగడం. అది శిక్ష కాదు. దాని మీద మీ సంతకానికి అర్థం, కాగితం అందిందని మాత్రమే. తప్పు ఒప్పుకున్నట్టు కాదు. జవాబుకు మూడు పనిదినాలు ఉంటాయి. తెలుగులో, మీ మాటల్లోనే రాయవచ్చు.

సస్పెన్షన్ అంటే విచారణ అయ్యేవరకు పనికి దూరంగా ఉంచడం. ఉద్యోగం పోయినట్టు కాదు. మొదటి 90 రోజులు సగం జీతం వస్తుంది. మీ వల్ల కాకుండా విచారణ ఆలస్యమైతే ఆ తర్వాత 75 శాతం. విచారణకు తోటి కార్మికుణ్ని వెంట తెచ్చుకోవచ్చు.

డిస్మిసల్ అంటేనే ఉద్యోగం తీసేయడం. విచారణ జరపకుండా అది చేయరు.

మహిళా ఉద్యోగులకు

ఇష్టం లేని మాట, సైగ, తాకడం, మెసేజ్, ఇవన్నీ లైంగిక వేధింపే. జరిగిన 3 నెలల్లోపు ఇంటర్నల్ కమిటీకి ఫిర్యాదు రాయండి. రాయలేకపోతే కమిటీ సభ్యులే రాసిపెట్టాలి. కమిటీకి ఒక మహిళే అధ్యక్షురాలు. మీ పేరు బయటికి రాకూడదు, దాన్ని బయటపెట్టినవారి మీద చర్య ఉంటుంది. కాంట్రాక్టరు తరఫున పనిచేసే ఆడవాళ్లకూ ఇది వర్తిస్తుంది.

మానేసేటప్పుడు

30 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. చివరి పనిరోజు తర్వాత రెండు పనిదినాల్లో బాకీ జీతం ఇచ్చేస్తారు. పర్మనెంట్ వాళ్లకు 5 ఏళ్లు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. చివరి బేసిక్, డీఏను 26తో భాగించి, 15తో హెచ్చించి, పనిచేసిన ఏళ్లతో హెచ్చిస్తారు. 14,000 మీద 8 ఏళ్లకు 64,615 రూపాయలు. అది 30 రోజుల్లో అందాలి.

అనుమానాలుంటే టైమ్ ఆఫీసు పక్కనున్న హెచ్‌ఆర్ కిటికీ దగ్గర అడగండి. ఏ షిఫ్టువాళ్లైనా రావచ్చు, సి షిఫ్టువాళ్ల కోసం ఉదయం 6 గంటలకే తెరుస్తారు.